ఫార్మా వాక్-ఇన్ ఇంటర్వ్యూకు క్యాప్షన్ రాయడం: పత్రాలు, దుస్తులు, వేదిక

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో ఒక చిన్న రిక్రూట్‌మెంట్ ఏజెన్సీ. పాశమైలారంలోని ఒక మందుల కంపెనీకి ప్రొడక్షన్, ప్యాకింగ్ విభాగాల్లో మనుషులు కావాలి. 2026 జూన్ 14 ఆదివారం మా దగ్గర ఒక ఫంక్షన్ హాలులో వాక్-ఇన్ పెడుతున్నాం. పోయినసారి చాలామంది సగం పత్రాలతో వచ్చారు, కొందరు నేరుగా కంపెనీ గేటు దగ్గరికి వెళ్లిపోయారు. పోస్టర్ కింద పెట్టే క్యాప్షన్‌లో తేవలసిన పత్రాలు, దుస్తులు, వేదిక వివరాలు ఎలా రాయాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

సమాధానం:

పోస్టర్ లేకుండా క్యాప్షన్ ఒక్కటే చేతికి అందినా, అభ్యర్థి ఇంటి నుంచి బయలుదేరి సరైన హాలుకు సరైన కాగితాలతో చేరగలగాలి. ఫార్మా నియామకాల్లో పనిచేసినంతకాలం నేను ప్రతి క్యాప్షన్‌నూ ఈ ఒక్క కొలతతోనే సరిచూస్తూ వచ్చాను. వాట్సాప్‌లో పోస్టర్, క్యాప్షన్ ఎంతోసేపు కలిసి ఉండవు. ఒకరు బొమ్మను మాత్రమే పంపుతారు, మరొకరు రాతను మాత్రమే కాపీ చేసి ఊరి గ్రూపులో పెడతారు. బొమ్మలో ఉన్న చిరునామాను మ్యాప్‌లో అతికించడం చాలామందికి తెలియదు, అందులోని ఫోన్ నంబరును నొక్కితే కాల్ వెళ్లదు, చూపు సరిగా లేనివారి ఫోన్ ఆ అక్షరాలను చదివి వినిపించలేకపోవచ్చు. కాబట్టి పోస్టర్ ఎంత అందంగా ఉన్నా, తేదీ, వేళ, చిరునామా, పత్రాల జాబితా అన్నీ క్యాప్షన్‌లో అక్షరాలుగా మళ్లీ ఉండవలసిందే.

మొదటి రెండు వరుసల గురించి ముందుగా చెబుతాను. ఇన్‌స్టాగ్రామ్‌లోనూ ఫేస్‌బుక్‌లోనూ క్యాప్షన్ మొదలు మాత్రమే కనిపించి మిగతాది మడత పడుతుంది, వాట్సాప్‌లో కూడా పొడవైన సందేశం మధ్యలో ఆగిపోయి చదవాలంటే నొక్కవలసి వస్తుంది. చాలా ఏజెన్సీలు ఆ కనిపించే కాస్త చోటునూ "సువర్ణావకాశం", "నిరుద్యోగులకు శుభవార్త" వంటి మాటలతో నింపేస్తాయి. అక్కడ ఉండవలసినవి ఏ పని, ఏ చదువు, ఏ రోజు, ఇంటర్వ్యూ ఏ ఊళ్లో అన్న నాలుగు విషయాలే. వాటిని చూసి తనకు సంబంధం లేదని తెలిసినవాడు ముందుకు సాగిపోతాడు, సంబంధం ఉన్నవాడు తప్పక నొక్కుతాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్‌కు 2,200 అక్షరాల పరిమితి ఉంది. తెలుగులో రాసేటప్పుడు ఇది మనం అనుకున్నదానికన్నా త్వరగా నిండిపోతుంది, ఎందుకంటే గుణింతపు గుర్తులను, ఒత్తులను ఫోన్ విడివిడిగా లెక్కిస్తుంది. మన కంటికి ఒక్క అక్షరంగా కనిపించే "స్త్రీ" దాని లెక్కలో ఆరు. అందువల్ల పొగడ్త మాటలకు చోటు లేదన్న లెక్కతోనే రాయడం మొదలుపెట్టండి.

అర్హత ఒకటి రెండు వాక్యాల్లో తేలిపోవాలి. ప్యాకింగ్‌కు ఇంటర్ చాలునా, ప్రొడక్షన్‌కు ఐటీఐ, డిప్లొమా, బీఎస్సీ, బీఫార్మసీలలో ఏవి పనికివస్తాయి, ఏ సంవత్సరంలో ఉత్తీర్ణులైనవారిని తీసుకుంటారు అన్నవి కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకుని అలాగే పెట్టండి. "ఏదైనా డిగ్రీ" అని రాస్తే జనం ఎక్కువగా వస్తారన్నది నిజమే, కానీ బీకాం చదివి శ్రీకాకుళం నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన పిల్లవాడిని రిజిస్ట్రేషన్ బల్ల దగ్గరే వెనక్కి పంపవలసి వస్తుంది. "పురుషులకు మాత్రమే" అన్న మాటను అలవాటుగా వాడకండి. ఒకే రకమైన పనికి నియామకంలో స్త్రీ పురుష భేదం చూపడాన్ని 1976 నాటి సమాన వేతన చట్టం నిషేధించింది, 2019 వేతన కోడ్ కూడా ఆ నిషేధాన్ని కొనసాగించింది. ఆ పనిలో స్త్రీల నియామకంపై చట్టమే పరిమితి పెట్టిన సందర్భం తప్ప ఆ మాటకు చోటు లేదు. కంపెనీ అలా రాయమని అడిగితే కారణం ఏమిటని వారినే అడగండి.

ఇక పత్రాలు. మీ దగ్గరికి సగం కాగితాలతో రావడానికి కారణం దాదాపు ఎప్పుడూ "అన్ని సర్టిఫికెట్లు తీసుకురావలెను" అన్న వాక్యమే. ఈ వాక్యం చదివి ఒకరు డిగ్రీ మెమో ఒక్కటే తెస్తారు, ఇంకొకరు కుల, ఆదాయ, స్టడీ సర్టిఫికెట్లతో సహా సంచి నిండా తెస్తారు, మూడో మనిషి తన ఒరిజినల్స్ కాలేజీలో ఉన్నాయి కనుక అసలు రావడమే మానుకుంటాడు. అందుకే ప్రతి పత్రం దగ్గరా మూడు సంగతులు చెప్పాలి: పేరుతో సహా ఏ పత్రం, ఒరిజినలా జిరాక్సా, ఎన్ని ప్రతులు. దాన్ని మీరు ఉంచుకుంటారా, చూసి తిరిగి ఇచ్చేస్తారా అన్నది జాబితా చివర ఒక్క వాక్యంలో చెబితే సరిపోతుంది.

మొదటి రౌండుకు అందరూ తేవలసినవి నిజానికి ఐదే. రెజ్యూమె రెండు ప్రతులు ఉండాలి, ఎందుకంటే ఒకటి మీ బల్ల దగ్గర ఉండిపోతుంది, రెండోది విభాగం నుంచి వచ్చిన సాంకేతిక అధికారి చేతిలోకి వెళుతుంది. ఒకే ప్రతి ఉంటే దానికోసం లోపలి గదికీ బయటి గదికీ మధ్య మనిషి తిరగవలసి వస్తుంది. తరువాతివి పదో తరగతి మెమో, చివరగా చదివిన చదువు మెమో, ఆధార్, రెండు పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు. పాన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, మెడికల్ సర్టిఫికెట్ వంటివి ఎంపికైన తరువాత చేరేటప్పుడు అవసరమవుతాయి. వాటిని వాక్-ఇన్ జాబితాలో పెడితే అవి లేనివారు భయపడి ఆగిపోతారు, ఉన్నవారి కాగితాలు మీ బల్ల మీద ఊరికే పోగుపడతాయి. ప్రైవేటు కంపెనీ వాక్-ఇన్‌కు కుల, ఆదాయ ధ్రువపత్రాలతో పని లేదు.

పదో తరగతి మెమోను ఎందుకు అడుగుతారో చాలామంది అభ్యర్థులకు తెలియదు. పుట్టిన తేదీకి కంపెనీలు ఆధారంగా తీసుకునేది ఎక్కువగా అదే, మిగతా చదువు పత్రాల్లో పేరును సరిపోల్చేది కూడా దానితోనే. మన దగ్గర వచ్చే అసలు చిక్కు ఇంటిపేరుతో ఉంటుంది. మెమోలో పొడి అక్షరంగా ఉన్న ఇంటిపేరు ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, కొందరికి ముందు ఉండవలసిన ఇంటిపేరు వెనక్కి పోతుంది, పెళ్లయిన అమ్మాయిలకు రెండు కార్డుల్లో రెండు ఇంటిపేర్లు ఉంటాయి. భవిష్య నిధి ఖాతా ఆధార్‌లోని పేరుతో ముడిపడి ఉంటుంది కాబట్టి చేరేటప్పుడు ఈ తేడా ఇబ్బంది పెడుతుంది. కానీ ఇంటర్వ్యూకు అది అడ్డు కాదు. "పేరులో తేడా ఉన్నా ఇంటర్వ్యూకు రావచ్చు" అని క్యాప్షన్‌లో ఒక్క వాక్యం రాయండి. ఆ వాక్యం లేనందువల్ల రాకుండా ఉండిపోయినవారు మీకు ఎప్పటికీ కనిపించరు.

చదువు మెమో విషయంలో జూన్ నెల కొంచెం ప్రత్యేకమైనది. అప్పుడే చివరి సెమిస్టర్ రాసినవారికి ప్రొవిజనల్ సర్టిఫికెట్ గాని, కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో గాని చేతికి వచ్చి ఉండదు. అటువంటివారు అప్పటివరకు వచ్చిన సెమిస్టర్ల ఫలితాలను విశ్వవిద్యాలయ వెబ్‌సైటు నుంచి ప్రింటు తీసి తెస్తే చాలునా, బ్యాక్‌లాగ్ ఉంటే తీసుకుంటారా లేదా అన్నది ముందే కంపెనీతో తేల్చుకుని రాయండి. రాయకపోతే శనివారం రాత్రి మీ ఫోన్‌కు వచ్చే కాల్స్‌లో ఎక్కువ భాగం దీని గురించే ఉంటాయి.

ఒరిజినల్స్ గురించి నేను కొంచెం గట్టిగానే చెబుతాను. కంపెనీ అదే రోజు ఒరిజినల్స్‌ను సరిచూస్తామని అంటే తప్ప వాటిని తెమ్మని రాయవద్దు. రద్దీ హాలులో, వానాకాలం మొదట్లో, ఒక మనిషి జీవితకాలపు కాగితాలన్నీ ఫైలులో పెట్టుకుని తిరగడం ప్రమాదం. అదీగాక ఫీజు బకాయి ఉందని కాలేజీలు ఒరిజినల్స్ ఆపేసిన పిల్లలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఎంతోమంది ఉన్నారు, ఆ ఒక్క పదం చదివి వారు ఆశ వదులుకుంటారు. ఒరిజినల్స్ తప్పనిసరి అయితే "చూసి వెంటనే తిరిగి ఇస్తాం, మా దగ్గర ఉంచుకోము" అన్న హామీ ఆ పక్కనే ఉండాలి, ఆ హామీని నిజంగా నిలబెట్టుకోవాలి. అభ్యర్థి ఒరిజినల్ సర్టిఫికెట్‌ను పట్టి ఉంచే ఏజెన్సీని నేను ఏజెన్సీగా లెక్కించను. డిజిలాకర్‌లో ఉన్న మెమోను ఫోన్‌లో చూపితే అంగీకరిస్తారేమో కంపెనీని అడగండి, ఒప్పుకుంటే ఆ మాట కూడా చేర్చండి.

ఆధార్ జిరాక్సుకు బదులుగా మాస్క్‌డ్ ఆధార్ ప్రింటు చాలని రాయడం మంచి పద్ధతి. ఆధార్ సంస్థ వెబ్‌సైటులో దాన్ని డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, అందులో మొదటి ఎనిమిది అంకెలు కనిపించవు, చివరి నాలుగు మాత్రమే ఉంటాయి. వాక్-ఇన్ రోజున మీకు కావలసింది వచ్చిన మనిషి ఎవరో తెలుసుకోవడమే, దానికి ఫొటో, పేరు, చివరి నాలుగు అంకెలు సరిపోతాయి. వందల కొద్దీ పూర్తి ఆధార్ నకళ్లను ఆఫీసులో పోగు చేసుకుంటే వాటిని కాపాడే బాధ్యత కూడా మీ మీద పడుతుంది.

అనుభవం ఉన్నవారి జాబితాను విడిగా, వేరే పేరాలో రాయండి, లేకపోతే ఫ్రెషర్లు జీతం స్లిప్పుల కోసం కంగారు పడతారు. వారి నుంచి కావలసింది ఇప్పటి కంపెనీ నియామక పత్రం లేదా చివరి ఇంక్రిమెంట్ పత్రం, గడిచిన మూడు నెలల జీతం స్లిప్పులు, అంతకుముందు వదిలేసిన కంపెనీ ఉంటే అక్కడి రిలీవింగ్ లెటర్. పాశమైలారం, జీడిమెట్ల, బొల్లారం పారిశ్రామికవాడల్లో ఎంతోమంది ఆపరేటర్లు కాంట్రాక్టర్ల కింద పనిచేస్తారు. వారి స్లిప్పు మీద ఉండేది కాంట్రాక్టర్ పేరు, పనిచేసే కంపెనీ పేరు కాదు. తమ అనుభవాన్ని ఒప్పుకోరేమోనని వారు వెనకాడతారు. "కాంట్రాక్టర్ పేరుతో ఉన్న స్లిప్పులైనా తీసుకురండి" అని స్పష్టంగా రాస్తే, గ్రాన్యులేషన్ యంత్రం మీదో బ్లిస్టర్ ప్యాకింగ్ లైను మీదో ఏళ్ల తరబడి చేయి తిరిగిన మనుషులు మీ దగ్గరికి వస్తారు. స్లిప్పులు అసలు ఇవ్వని చోట పనిచేసినవారు జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ తెస్తే సరిపోతుందని చెప్పండి. భవిష్య నిధి ఖాతా పాస్‌వర్డ్‌ను గాని, ఫోన్‌కు వచ్చే ఓటీపీని గాని మీ సిబ్బందిలో ఎవరూ అడగకూడదు. పనిచేసిన వివరాలు చూడాలంటే అభ్యర్థే తన ఫోన్‌లో తెరిచి చూపించాలి.

ఇంకొక సంగతిని చాలామంది క్యాప్షన్‌లో చేర్చరు. తమ అనుభవాన్ని నిరూపించుకోవాలన్న తపనతో కొందరు ఇప్పటి కంపెనీలోని బ్యాచ్ రికార్డుల ఫొటోలు, పని విధానాల పత్రాల నకళ్లు తెస్తారు. అవి ఆ కంపెనీ రహస్య పత్రాలు. వాటిని బయటికి తెచ్చినందుకు ఉన్న ఉద్యోగం పోవచ్చు, ఇటు ఇంటర్వ్యూ చేసే అధికారికీ ఆ మనిషి మీద నమ్మకం తగ్గుతుంది. తేవద్దని ఒక వాక్యం రాస్తే మీరు అభ్యర్థికి మేలు చేసినవారవుతారు.

దుస్తుల గురించి "ఫార్మల్స్ తప్పనిసరి" అన్న రెండు మాటలతో ఊరుకోవద్దు. ప్యాకింగ్ ఉద్యోగానికి వచ్చే ఇంటర్ చదివిన అబ్బాయి ఆ మాట చదివి టై, బ్లేజరు అద్దెకు తెచ్చుకుని జూన్ ఉక్కలో చెమటలు కక్కుతూ కూర్చోవడం నేను చూశాను. ఇంటర్వ్యూ చేసేవారు చూసేది శుభ్రతను. మందుల తయారీలో అది మర్యాద కోసం పెట్టుకున్న నియమం కాదు. ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ ఎం ప్రకారం తయారీ ప్రాంతంలో పనిచేసేవారు వ్యక్తిగత శుభ్రత పాటించాలి, రక్షణ దుస్తులు ధరించాలి. ఉతికి ఇస్త్రీ చేసిన మామూలు చొక్కా, ప్యాంటు, అమ్మాయిలకు చుడీదార్ లేదా చీర, కత్తిరించుకున్న గోళ్లు, వీలైతే బూట్లు అని విడమరచి రాయండి. కొత్త బట్టలు, టై, కోటు అవసరం లేదని కూడా అదే వాక్యంలో చెప్పండి. షార్ట్స్ వద్దని చెప్పడం సమంజసమే.

హాలులో ఇంటర్వ్యూ అయ్యాక అదే రోజు ప్లాంటుకు తీసుకెళ్లే ఏర్పాటు ఉంటే మాత్రం నియమాలు మారతాయి. అప్పుడు కాలు మొత్తం కప్పే బూట్లు తప్పనిసరి, చెప్పులతో గేటు లోపలికి పంపరు. ముడిమందు తయారుచేసే ప్లాంటు అయితే లోపల మండే స్వభావం ఉన్న ద్రావకాలు ఉంటాయి కనుక అగ్గిపెట్టె, లైటరు, సిగరెట్లను గేటు దగ్గరే తీసుకుంటారు, చాలాచోట్ల ఫోన్ కూడా అక్కడే ఇవ్వవలసి ఉంటుంది. తయారీ గదుల్లోకి ఉంగరాలు, గాజులు, గడియారం, గోళ్లరంగు పనికిరావు. ఇది నిజమే గాని దీన్ని క్యాప్షన్‌లో ఇంటర్వ్యూ నియమంగా పెట్టకండి. గాజులో మంగళసూత్రమో తీసి రమ్మన్నారని ఒక ఇల్లాలు అర్థం చేసుకుంటే ఆమె రాదు. ఆ సంగతిని ఇంటర్వ్యూలో మనిషి ఎదుట కూర్చున్నప్పుడు వివరించాలి. అలాగే తలపాగా, హిజాబ్ వంటివాటి మీద క్యాప్షన్‌లో ఏ మాటా రాయనక్కరలేదు. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా జరిగే డ్రైవ్‌లలో అయ్యప్ప మాల వేసుకున్నవారు నల్లబట్టలతో, చెప్పులు లేకుండా వస్తారు. ఆ రోజుల్లో "దీక్షలో ఉన్నవారు అలాగే రావచ్చు" అని చేర్చండి.

వేదిక విషయంలో మీ అభ్యర్థులు కంపెనీ గేటు దగ్గరికి వెళ్లిపోవడానికి కారణం ఊహించగలను. కంపెనీ పేరు, పాశమైలారం అన్న ఊరి పేరు పైన పెద్దగా ఉండి, హాలు పేరు కింద ఎక్కడో ఉండి ఉంటుంది. పని చేయవలసిన చోటు, ఇంటర్వ్యూ జరిగే చోటు వేర్వేరు అయినప్పుడు రెండింటినీ పక్కపక్కనే పేర్లు పెట్టి రాసి, "కంపెనీ గేటు దగ్గర ఇంటర్వ్యూలు జరగవు" అని మూడో వాక్యం చేర్చాలి. పటాన్‌చెరు దాటి పారిశ్రామికవాడ లోపలికి వెళ్లిన మనిషి ఆదివారం మళ్లీ బస్సు దొరకబుచ్చుకుని కూకట్‌పల్లికి వచ్చేసరికి మీ రిజిస్ట్రేషన్ ముగిసిపోతుంది.

చిరునామా రాసేటప్పుడు హైదరాబాద్‌లో వెతుక్కునేవాడి కళ్లతో రాయండి. కూకట్‌పల్లి, కేపీహెచ్‌బీ కాలనీ, జేఎన్‌టీయూ కాలేజీ అన్నవి మియాపూర్–ఎల్బీ నగర్ మెట్రో మార్గంలో మూడు వేర్వేరు స్టేషన్లు. బయటి ఊళ్లవారికి ఈ మూడూ ఒకటే అనిపిస్తాయి. అందువల్ల దిగవలసిన స్టేషన్ పేరు, దాని నుంచి నడిచే దూరం, హాలు ఎదురుగా ఉన్న మెట్రో పిల్లర్ నంబరు రాయాలి. ఈ దారిలో అందరూ గుర్తుగా చెప్పేది పిల్లర్ నంబరే, ఆటో అతనికి కూడా అదే తెలుస్తుంది. ఆ రోడ్డును దాటడం కష్టం కాబట్టి హాలు ఏ వైపు ఉందో, అమీర్‌పేట నుంచి మియాపూర్ వెళ్లేటప్పుడు ఎడమచేతి పక్కనా కుడిచేతి పక్కనా అన్నది చెప్పాలి. మ్యాప్ లింకును వేరొకరి ఫోన్‌లో తెరిచి చూడండి. అది హాలు ప్రవేశ ద్వారం దగ్గరికి తీసుకెళ్లాలి, యజమాని ఆఫీసుకో వెనుక గల్లీకో కాదు.

వేళ దగ్గర జరిగే పొరపాటు మరొకటి. "ఉదయం 9 నుంచి 2 వరకు" అని మాత్రమే రాస్తే, ఒంటిగంటన్నరకు వచ్చినవాడికి ఇంటర్వ్యూ ఉంటుందా ఉండదా అన్నది తెలియదు. అది రిజిస్ట్రేషన్ వేళ అని, ఆలోపు టోకెన్ తీసుకున్న ప్రతివారికీ సాయంత్రమైనా ఇంటర్వ్యూ జరుగుతుందని రాయాలి. నైట్ షిఫ్టు దిగి నేరుగా వచ్చేవారు, మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్లవలసినవారు ఫార్మా వాక్-ఇన్‌లలో ఎప్పుడూ ఉంటారు. ఆదివారం పెట్టినంత మాత్రాన అందరికీ సెలవు ఉండదు. వారికోసం మొదటి టోకెన్లు విడిగా ఉంచగలిగితే ఆ సంగతి రాయండి. కోస్తా జిల్లాల నుంచి రాత్రి బస్సుల్లో వచ్చేవారు తెల్లవారేసరికి కూకట్‌పల్లిలో దిగుతారు, కాబట్టి హాలు తలుపులు ఎన్నింటికి తెరుస్తారో, అక్కడ నీళ్లు, మరుగుదొడ్డి ఉన్నాయో లేదో తెలియజేయడం వారికి పెద్ద సహాయం. ఆదివారం ఉదయాన జిరాక్స్ షాపులు చాలావరకు మూసి ఉంటాయి. కాగితాలు శనివారమే సిద్ధం చేసుకోమని చెప్పాలి.

మీ వివరాలతో నేనైతే ఇలా రాస్తాను. చుక్కలు ఉన్నచోట మీవి నింపుకోండి.

"మందుల కంపెనీలో ప్రొడక్షన్, ప్యాకింగ్ ఉద్యోగాలు. ఇంటర్, ఐటీఐ, డిప్లొమా, బీఎస్సీ, బీఫార్మసీ చదివినవారికి 2026 జూన్ 14, ఆదివారం కూకట్‌పల్లిలో వాక్-ఇన్ ఇంటర్వ్యూ.

ఇంటర్వ్యూ జరిగే చోటు: …… ఫంక్షన్ హాలు, కూకట్‌పల్లి మెట్రో స్టేషన్ దగ్గర, పిల్లర్ నంబరు …… ఎదురుగా, మియాపూర్ వెళ్లే దారిలో ఎడమచేతి పక్కన. మ్యాప్: ……
పని చేయవలసిన చోటు: ……, పాశమైలారం, సంగారెడ్డి జిల్లా. కంపెనీ గేటు దగ్గర ఇంటర్వ్యూలు జరగవు, దయచేసి అక్కడికి వెళ్లవద్దు.

రిజిస్ట్రేషన్ ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 గంటల వరకు. ఆలోపు టోకెన్ తీసుకున్న అందరికీ ఆ రోజే ఇంటర్వ్యూ ఉంటుంది. హాలు 8 గంటలకు తెరుస్తాం.

అందరూ తేవలసినవి: రెజ్యూమె 2 ప్రతులు, పదో తరగతి మెమో జిరాక్స్ 1, చివరగా చదివిన చదువు మెమో జిరాక్స్ 1, మాస్క్‌డ్ ఆధార్ ప్రింటు 1, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు 2, ఒక పెన్ను. చివరి సెమిస్టర్ మెమో రానివారు ఆన్‌లైన్ ఫలితాల ప్రింటు తేవచ్చు. ఒరిజినల్స్ అవసరం లేదు. పేరులో తేడా ఉన్నా రావచ్చు.

అనుభవం ఉన్నవారు అదనంగా: నియామక లేదా ఇంక్రిమెంట్ పత్రం, గత 3 నెలల జీతం స్లిప్పులు (కాంట్రాక్టర్ పేరుతో ఉన్నా సరే) లేదా బ్యాంకు స్టేట్‌మెంట్, పాత కంపెనీ రిలీవింగ్ లెటర్. అన్నీ జిరాక్సులే. ఇప్పటి కంపెనీ రికార్డులు, ఫొటోలు తేవద్దు.

దుస్తులు: శుభ్రమైన చొక్కా, ప్యాంటు, చుడీదార్ లేదా చీర. వీలైతే బూట్లు. షార్ట్స్ వద్దు. టై, కోటు, కొత్త బట్టలు అక్కరలేదు.

వాన రావచ్చు, కాగితాలను ప్లాస్టిక్ కవరులో తెచ్చుకోండి. జిరాక్సులు శనివారమే తీయించుకోండి.

ఏ దశలోనూ ఎవరికీ డబ్బు ఇవ్వనక్కరలేదు. సందేహాలకు: ……, …… (ఆదివారం కూడా పనిచేస్తాయి). ఈ ప్రకటన నిజమైనదో కాదో మా పేజీలో చూసుకోండి: ……"

ఈ నమూనా 2,200 అక్షరాల లోపే ఉంది. మీ హాలు చిరునామా, లింకులు చేర్చిన తరువాత మరొకసారి లెక్క చూసుకోండి, మించితే వాన గురించిన పేరాను పోస్టర్ మీదికి మార్చండి. డబ్బు గురించిన వాక్యాన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీయవద్దు. మీ క్యాప్షన్‌ను కాపీ చేసి, ఫోన్ నంబరు ఒక్కటి మార్చి, రిజిస్ట్రేషన్ ఫీజు పేరుతో డబ్బు వసూలు చేసేవారు ఉంటారు. ఆ వాక్యాన్ని, మీ పేజీ లింకును చూసిన అభ్యర్థికి నంబరు మారినా అనుమానం వస్తుంది. నెల జీతం, షిఫ్టులు, కంపెనీ బస్సు వివరాలను కంపెనీ ప్రకటించడానికి ఒప్పుకుంటే రెండో పేరాకు ముందు ఒక్క వాక్యంగా చేర్చండి.

పోస్టు పెట్టేముందు దీన్ని మీ ఆఫీసుతో సంబంధం లేని ఒక యువకుడికి ఇచ్చి చదివించండి. చదివాక ఎక్కడ దిగుతావు, సంచిలో ఏమేమి పెట్టుకుంటావు, ఎన్నింటికల్లా చేరాలి అని అడగండి. అతడు తిరిగి మిమ్మల్ని ఏ ప్రశ్న అడిగితే ఆ ప్రశ్నకు జవాబు క్యాప్షన్‌లో లేదన్నమాట.

డ్రైవ్ అయిపోయిన సాయంత్రమే క్యాప్షన్ మొదటి వరుసను "ఈ వాక్-ఇన్ ముగిసింది" అని మార్చండి, పోస్టును తొలగించవద్దు. వాట్సాప్‌లో తిరుగుతున్న ప్రతులను మీరు వెనక్కి తీసుకోలేరు. అందుకే తేదీతో పాటు సంవత్సరం, వారం రెండూ ఉండాలి, లేకపోతే వచ్చే జూన్‌లో కూడా ఎవరో ఒకరు ఆ హాలు తలుపు తడతారు. పాత ప్రతిని చూసి అనుమానం వచ్చినవారు మీ పేజీకి వచ్చి చూసుకున్నప్పుడు పోస్టు అక్కడే ఉండి, ముగిసిందని చెప్పాలి. ఫలితాలను ఎప్పటిలోగా, ఏ నంబరు నుంచి తెలియజేస్తారో కూడా ఆ పోస్టు కిందే రాసి ఉంచండి.